బేనిషాను టెంక నాటిన బేనిషాను ఏల రాదు?
(మంచిర్యాల ప్రాంతపు రైతులకు చేసిన ఉపన్యాసము)



మీరు బేనిషాను అని పిలుచు మామిడినే కర్నూలు వైపువారు బంగినపల్లి అందురు. ఆ పండు రుచికి మెచ్చి, దాని టెంకను పాతి, ఎనిమిది పదేండ్లు నీరు పోసి పెంచినవారు మీలో కొందరుందురు. తీరా చెట్టు కాపునకు వచ్చినపుడు పండులో పీచు హెచ్చుగను, కండ తక్కువగను ఉండుట చూచి, నేల మంచిది కాదనియో, ఎరువు చాలలేదనియో తలంతురు. దోషము నేలయందు లేదు, టెంకయందే ఉన్నది.

మామిడి పూతకు వచ్చినపుడు ఈగలు మున్నగు పురుగులు ఒక చెట్టు పుప్పొడిని వేరొక చెట్టు పూవునకు చేర్చును. పిదప కట్టిన కాయకు తోలు, కండ, పీచు తల్లిచెట్టు దేహమునుండి వచ్చినవే. కావున మీరు తిన్న పండు అచ్చమైన బేనిషానే. కాని టెంకలోని జీడియందున్న మొలక తల్లి ఒక్కదానిది కాదు. పుప్పొడి ఇచ్చిన చెట్టు గుణములును అందు కలియును. ఆ రెండవ చెట్టు గట్టుమీది పుల్లమామిడియే కావచ్చును. ఒక తల్లి బిడ్డలందరు ఒకే పోలిక గలవారు కానట్లే, ఒకే చెట్టు టెంకలన్నియు ఒకే విధమైన చెట్లు కావు. కేరళ దేశమందలి ఒలూరు వంటి కొన్ని జాతులలో ఒక టెంకనుండి పలు మొలకలు వచ్చును. వానిలో తల్లి కణములనుండియే పుట్టినవి తల్లినే పోలును. బేనిషాను టెంకలో ఆ సౌకర్యము లేదు.

అంటు కట్టుట యనగా కొత్త చెట్టును పుట్టించుట కాదు. ఉన్న చెట్టునే మరియొక వేరుపై పెంచుట. బెరడునకును కఱ్ఱకును నడుమ సన్నని పచ్చి పొర యొకటి గలదు. వేరు మొక్క పొరయు, అంటు కొమ్మ పొరయు ఒకదానికొకటి తాకియున్నచో అచ్చట కొత్త కణములు పుట్టి రెండును అతుకుకొనును. అటుపిమ్మట క్రింది వేరు నీటిని పైకి పంపును. పైయాకులు ఆహారమును క్రిందికి పంపును. అయినను వాని జాతులు కలిసిపోవు. అతుకునకు పైన పుట్టిన ప్రతి కొమ్మయు బేనిషాను. క్రింద పుట్టినది నాటు మామిడి. కాపుచెట్టు కొమ్మకు బాల్యము గడచియే యుండుటచేత అంటుమొక్క మూడు నాలుగేండ్లకే పూయును.

దీనివలని లాభము తోటయందు తెలియును. మొక్కకు మొక్కకు, వరుసకు వరుసకు 10 మీటర్ల యెడమున నాటినచో ఎకరమునకు 40 మొక్కలు పట్టును. అవి టెంక మొక్కలైనచో నలుబది విధముల చెట్లు. కొన్ని ముందు పండును, కొన్ని వెనుక పండును. ఒక్కసారి కోసి ఒక్క ధరకు అమ్ముటకు వీలుండదు. చెడ్డవి యేవియో తెలియుటకే ఎనిమిదేండ్లు పట్టును. అంటుతోట కాయ యంతయు ఒకే తీరున నుండును.

టెంక అంటు విధానము చెప్పెదను. పండు తిన్న నెలలోపలనే టెంకలు నాటవలయును. ఆలస్యమైనచో మొలకెత్తు శక్తి నశించును. వానకాలమున మొలచి, ఆకులు ఇంకను రాగివన్నెలో నున్న రెండు వారముల మొక్కను టెంకకు పైన రెండు మూడంగుళముల ఎత్తున కోసి, నడుమ అంగుళమున్నర లోతు చీల్చుడు. మంచి కాపుగల ఆరోగ్యమైన చెట్టునుండి, మొక్క లావునకు సరిపోవు, మూడు నాలుగు నెలల వయసుగల కొమ్మను ఎన్నుకొని, వారము పది దినముల ముందే తొడిమలు మిగులునట్లు ఆకులు త్రుంచి యుంచుడు. అంతట దానిని కోసి, మొదలును మేకువలె చెక్కి, చీలికలో దించి, పాలిథీన్ పట్టీతో గాలి చొరకుండ బిగించుడు. కత్తి పదునుగ లేకున్నను, కోత యారిపోయినను, పొరలు తాకకున్నను అంటు పట్టదు.

మూడు వారములలో కొనమొగ్గ ఉబ్బి చిగిర్చినచో అంటు పట్టినది. కొమ్మ నల్లబడి ముడుతలు పడినచో చచ్చినది. ఇచ్చటనే మోసపోవు భయము గలదు. పైకొమ్మ చచ్చినను క్రిందనుండి చిగురు బలముగ వచ్చును. చూపునకు మొక్క ఏపుగానే యుండును, కాని అది ఉత్త టెంక మొక్క. కనుక కొనునపుడు ఆకులను కాదు, అతుకును చూడుడు. చిగురు దానికి పైననే పుట్టినదా యని పరీక్షింపుడు. నాటునపుడు అతుకు నేలకు పైన నుండవలయును. గాయము మానిన పిదప పట్టీ విప్పవలయును. లేనిచో కాండమును కోసివేయును. క్రింది చిగుళ్లను కనబడినపుడెల్ల గిల్లివేయుడు.

అంటు జాతిని నిలుపును. అంతకు మించి చేయదు. నీరు నిలుచు నేలను అది బాగుచేయజాలదు. తల్లిచెట్టు ఏడు విడిచి ఏడు కాయునదైనచో బిడ్డయు అట్లే కాయును. కావున కొమ్మ కోయుటకు ముందు ఆ తల్లిచెట్టు కాపును వరుసగ మూడు నాలుగేండ్లు కనిపెట్టి చూచి యుండుడు.