స్త్రీధనము: ఒక తల్లి లేఖ
(ధర్మోపన్యాస పాఠము)



ఇటీవల ఒక వృద్ధమాత నన్ను చూడవచ్చి, తన కుమారునికి వ్రాసిన లేఖను చేతికిచ్చి, "ఇందులో ధర్మవిరుద్ధ మేమైన ఉన్నదా?" అని అడిగినది. పేర్లు లేకుండ సభలో చదువుటకు ఆమె అనుమతించినది. లేఖ ఇది.

"చిరంజీవికి అమ్మ ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నాయనా, స్థలము కొనుటకై కోడలి నగలలో 9 కాసుల బంగారము బ్యాంకులో తాకట్టు పెట్టితివని తెలిసినది. 'తరువాత చెప్పితిని, తాను కాదనలేదు' అంటివి. పెట్టివచ్చిన తరువాత చెప్పుట అడుగుట కాదు. కాదను వీలున్నప్పుడే ఔనను మాటకు విలువ.

ఆ 9 కాసులలో 6 వాళ్లమ్మ పెట్టినవి, 3 వాళ్లన్న పెట్టినవి. పెండ్లిలో నేను పెట్టిన 5 కాసులు బీరువాలో ఉన్నవి కదా, అవియు ఆమెవే. ఇచ్చిన చేయి మరల చాచరాదు.

తాకట్టు రసీదు నీ పేర ఉన్నది. రేపు ఆమె వెళ్లి అడిగినను బ్యాంకువారు నగలు ఆమె చేతికీయరు. గడువు దాటిన వేలము వేయుదురు. స్థలము కూడ నీ ఒక్కని పేరనే వ్రాయించుకొంటివి. కనుక ముందుగా నగలు విడిపించి ఆమె చేతిలో పెట్టుము. పిదప ఆమె తనంతట ఇచ్చెదనన్న, ఎంత తీసికొంటివో, ఎప్పటికి తీర్చెదవో కాగితముపై వ్రాసి ఇమ్ము. లేదా ఆ మేరకు స్థలములో ఆమెకు భాగము వ్రాయించుము. ఈయనన్న, ఆ మాట అంతటితో విడువుము. అలుగవద్దు.

మరియొకటి. ఆమెకు పదోన్నతి వచ్చి విశాఖపట్టణము వెళ్లవలసి ఉండగా, 'మా అమ్మ ఒప్పుకోదు' అని చెప్పితివట. నన్ను ఎవరును అడుగలేదు. నా పేరు అడ్డుపెట్టకుము. వెళ్లుటయా మానుటయా అన్నది ఆమె నిర్ణయము. నీ కష్టము నీవు చెప్పుకొనుము, ఆమె మాట వినుము, తాళము మాత్రము నీ చేతిలో పెట్టుకొనకుము."

ఇదీ లేఖ. ఇందు ధర్మవిరుద్ధ మేదియు లేదు, శాస్త్రసమ్మతమే ఉన్నది.

స్త్రీకి స్వాతంత్ర్యము లేదన్న మనువు మాటను ఉదహరించువారు అనేకులు. అదే తొమ్మిదవ అధ్యాయములో మనువు ఆరు విధములైన స్త్రీధనమును చెప్పినాడు. తల్లి, తండ్రి, సోదరుడు ఇచ్చినవి, వివాహాగ్ని సన్నిధిని ఇచ్చినవి, అత్తవారింటికి పోవునపుడు ఇచ్చినవి, ప్రీతితో ఇచ్చినవి అందులోనివే. స్త్రీధనముపై బ్రతుకు బంధువులకు అధోగతి యని మూడవ అధ్యాయము.

భర్త స్త్రీధనమును వాడుకొని తిరిగి ఈయనక్కరలేని సందర్భములు యాజ్ఞవల్క్యస్మృతిలో నాలుగే: దుర్భిక్షము, ధర్మకార్యము, వ్యాధి, ఋణదాత మొదలగువారిచే నిర్బంధము. ఈ కుమారుని విషయము ఈ నాలుగింటితో పోల్చి చూడుడు. కఱవు లేదు, రోగము లేదు, నిర్బంధము లేదు. స్థలము కొనుట ధర్మకార్యమును కాదు. కాబట్టి తిరిగి ఈయవలసినదే. బలాత్కారముగ తీసికొన్నది వడ్డీతో ఈయవలెననియు, అనుమతితో తీసికొన్నదానికి శక్తి కలిగినపుడు అసలు ఈయవలెననియు కాత్యాయనుడు భేదము చూపినాడు. తల్లి అనుమతినిగూర్చి అంత గట్టిగ వ్రాయుట ఇందుకే.

ఒక పరిమితిని దాచరాదు. స్త్రీ తన శిల్పముచే ఆర్జించిన ధనముపై భర్తకు స్వామ్యము కలదని అదే కాత్యాయనుడు చెప్పినాడు. ఆ మాటతో నేటి కోడలి జీతమును అడుగువారున్నారు. అది నేడు చెల్లదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము పదునాలుగవ సెక్షను ప్రకారము, స్త్రీ తన నైపుణ్యముచే, శ్రమచే సంపాదించిన ఆస్తికి ఆమెయే సంపూర్ణ యజమానురాలు. స్మృతులు దేశకాలముల ననుసరించి వ్యాఖ్యానింపబడినవే. కళ్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో స్త్రీధన పదమును విస్తరించి, వారసత్వముగ వచ్చినదియు, క్రయముచే వచ్చినదియు అందు చేర్చినాడు. ఆ విస్తరణకు నేటి చట్టము మరియొక అడుగు.

ఇక ఉద్యోగము మాట. సప్తపదిలో ఏడవ అడుగున వరుడు వధువును సఖివి కమ్మని కోరును. దాసివి కమ్మని కాదు. సఖిని అడుగవలెను, సఖి చెప్పినది వినవలెను. వినిన పిదప ఆమె కాదన్నచో, ఆ స్నేహము నిలిచియుండుటయే ఏడవ అడుగునకు పరీక్ష.

ఆ తల్లికి లేఖను మడిచి ఇచ్చి, ఒక్క అక్షరమైనను మార్చవలదని చెప్పితిని. మరునాడే తపాలలో వేసినదట.

స్వస్తి.