చీకట్లో మొలక ఎందుకు వంగింది? ఆక్సిన్ మీద ప్రయోగ ప్రశ్నలు

కోట నుంచి మాట్లాడుతున్నా. 2022లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపినప్పుడు కూడా, ఎవరైనా అడిగితే మా నోటికి నెల్లూరనే వచ్చేది.

ఈరోజు మొక్కల హార్మోన్లు, కాంతి అనువర్తనం, గురుత్వానువర్తనం. హార్మోన్ల లిస్టు మొత్తం చదివి వినిపించను, అది మీ పుస్తకంలో ఉంది. ఆక్సిన్ ఒక్కటే తీసుకుందాం. ఎందుకంటే ప్రయోగం ఇచ్చి "ఏం జరుగుతుంది? ఎందుకు?" అని అడిగే ప్రశ్నలు ఎక్కువగా దీని మీదే వస్తాయి.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. మొలక కొన కోసేశారు. ఆ కొనను కాసేపు అగర్ ముక్క మీద ఉంచారు. తర్వాత ఆ అగర్ ముక్కను, కొన లేని మొలక మీద ఒక పక్కకి పెట్టి, మొత్తం చీకట్లో ఉంచారు. ఏం జరుగుతుంది? నేను రాసింది: "వెలుతురు లేదు కాబట్టి వంగదు." నాలుగు మార్కులూ పోయాయి. మార్కులు పోయినందుకు కాదు గానీ, ఆ జవాబు ఎందుకు తప్పో ఇంటర్ రెండో సంవత్సరం దాకా నాకు అర్థం కాలేదు, ఆ బాధ ఇంకా ఉంది. నేను "వెలుతురు వల్ల మొక్క వంగుతుంది" అని బట్టీ పట్టాను. వెలుతురుకీ వంగడానికీ మధ్యలో ఇంకొకటి ఉందని పట్టించుకోలేదు. ఆ మధ్యలో ఉన్నదాన్నే ఇవాళ చూద్దాం.

మొదట డార్విన్. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి గడ్డిజాతి మొలకల మీద చేసిన ప్రయోగాలు అచ్చువేశారు. వరి, మొక్కజొన్న, జొన్న మొలిచినప్పుడు మొదట తెల్లటి సూదిలాంటిది పైకి వస్తుంది కదా, దాన్ని ప్రాంకుర కవచం అంటారు. లోపల లేత ఆకు చుట్టుకుని ఉంటుంది, ఇది దానికి ఒర లాంటిది. ఒక పక్క నుంచి వెలుతురు వేస్తే ఆ సూది వెలుతురు వైపు వంగుతుంది. కొన మీద వెలుతురు దూరని టోపీ పెడితే వంగలేదు. మొలకల కింది భాగాన్ని సన్నటి నల్ల ఇసుకతో కప్పి కొన మాత్రం బయట ఉంచితే వంగింది. గమనించారా? వెలుతురును పసిగట్టేది కొన, వంగేది మాత్రం దాని కింది భాగం. చూసే చోటు వేరు, పని జరిగే చోటు వేరు. అంటే పైనుంచి కిందికి ఏదో కబురు వెళ్తోంది.

ఇది ఇంట్లో చేయొచ్చు. నేను చేశాను, మొదటిసారి చెడగొట్టాను కూడా. మొక్కజొన్న గింజలు రాత్రంతా నానబెట్టి, తడి ఇసుక వేసిన కప్పుల్లో నాటి, మూడు నాలుగు రోజులు పూర్తి చీకట్లో ఉంచండి. సూదులు రెండు సెంటీమీటర్లు వచ్చాక మొదలుపెట్టొచ్చు. సూదిని చీల్చుకుని పచ్చటి ఆకు బయటికి వచ్చేస్తే ఆ మొలకను పక్కన పెట్టండి, దానికి టైం దాటిపోయింది. చెప్పుల డబ్బాకి ఒక పక్క చిన్న కంత చేసి, కంత ముందు బల్బు పెట్టండి. కొన్నింటికి చాక్లెట్ మీది వెండి కాగితంతో టోపీ, ఇంకొన్నింటికి పారదర్శకమైన పల్చటి కవరుతో టోపీ, మిగిలినవి ఊరికే. ఆ పారదర్శక టోపీ ఎందుకంటే, వెండి టోపీ పెట్టింది వంగకపోతే "టోపీ బరువుకో, నొక్కుకుపోయో వంగలేదేమో" అని ఎవరైనా అడగొచ్చు. వెలుతురు దూరే టోపీ పెట్టింది వంగితే ఆ అనుమానం తీరిపోతుంది. దీన్నే కంట్రోల్ అంటారు. రెండు మూడు గంటల్లో తేడా కంటికి కనిపిస్తుంది.

నేను చెడగొట్టింది ఎక్కడంటే, టైంలాప్స్ కోసం పావుగంటకొకసారి మూత తీసి ఫోన్ ఫ్లాష్‌తో ఫొటోలు తీశాను. సాయంత్రానికి మొలకలు కంత వైపు కాదు, నా ఫోన్ ఉన్న పైమూల వైపు తిరిగాయి! మొక్క ఈ పనికి ముఖ్యంగా వాడుకునేది నీలి వెలుతురును. ఫ్లాష్ తెల్లటి వెలుగులో నీలం బాగానే ఉంటుంది. ఎర్ర వెలుతురుకు ఇలా వంగదు. అందుకే రెండోసారి టార్చికి ఎర్ర కాగితం నాలుగు మడతలు చుట్టి ఆ వెలుగులో తీశాను. ఇంకోటి, వెండి టోపీ పెట్టింది కూడా వంగితే కంగారుపడి సైన్సును తిట్టకండి. టోపీ జారి కొన బయటపడిందేమో ముందు చూడండి. నాకు రెండింట్లో అదే అయ్యింది.

ఇప్పుడు కొన నుంచి వెళ్ళే ఆ కబురు ఏమిటి? డెన్మార్క్ ఆయన బాయ్‌సన్ జెన్‌సన్ 1910–13 మధ్య దీన్ని పట్టుకున్నాడు. ఆయన వాడిన వస్తువు మనవైపు వాళ్ళకి కొత్తది కాదు, మైకా. అభ్రకం. మనకు పక్కనే గూడూరు, సైదాపురం వైపు గనులున్న మైకా. పొరలు పొరలుగా ఊడొచ్చే ఆ పల్చటి రేకు గుండా నీళ్ళు గానీ, నీళ్ళలో కరిగినవి గానీ పోవు. ఆయన కొన కింద సగం వరకు కోత పెట్టి అందులో మైకా రేకు దూర్చాడు. వెలుతురు పడే వైపు దూర్చితే మొలక మామూలుగా వంగింది. నీడ వైపు దూర్చితే వంగలేదు. ఇంకో దాంట్లో కొన మొత్తం కోసి, మధ్యలో జెలటిన్ పెట్టి, కొనను మళ్ళీ దాని మీద కూర్చోబెట్టాడు. అది వంగింది. జెలటిన్‌లోంచి కరిగిన పదార్థాలు దిగగలవు.

ఇక్కడ ఆగి ఆలోచించండి, పరీక్షలో అడిగేది ఈ చోటే. నీడ వైపు అడ్డం పెడితేనే పని ఆగింది. అంటే కబురు దిగేది నీడ వైపు నుంచి. అది అక్కడ పెరుగుదలను ఆపేదా, పెంచేదా? మొలక వెలుతురు వైపు వంగాలంటే నీడ వైపు ఎక్కువ పొడవు పెరగాలి. కాబట్టి అది పెంచేదే. చాలామంది "వెలుతురు మొక్కను లాక్కుంటుంది" అని రాస్తారు. లాగడం లేదు. వెనక వైపు ఎక్కువ సాగడం వల్ల ముందుకు వాలుతోంది.

ఇక నా నాలుగు మార్కుల ప్రశ్న. 1920లలో నెదర్లాండ్స్‌లో ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకలతో చేసిన ప్రయోగం ఇది. అగర్ అంటే భయపడొద్దు, జెల్లీలకి వాడే చైనా గ్రాస్ అదే. కోసిన కొనలను అగర్ మీద ఉంచితే వాటిలోని పదార్థం అగర్‌లోకి దిగింది. ఆ ముక్కను కొన లేని మొలక మీద ఎడమ పక్కకి పెడితే, కింద ఎడమ వైపే ఎక్కువ పెరిగి మొలక కుడికి వంగింది. చీకట్లోనే! ఏమీ లేని వట్టి అగర్ పెడితే వంగలేదు. వెలుతురు చేయాల్సిన పనిని, అంటే ఒక పక్క ఎక్కువ పదార్థం ఉండేలా చేయడాన్ని, ఇక్కడ వెంట్ చెయ్యే చేసేసింది. అందుకే వెలుతురు అక్కర్లేకపోయింది. ఆ పదార్థానికే ఆక్సిన్ అని పేరొచ్చింది.

మరి అగర్ ముక్కను సరిగ్గా నడిమధ్యన పెడితే? రెండు పక్కలా సమానంగా దిగుతుంది, నిటారుగా పెరుగుతుంది. ఇదే లాజిక్.

ఇంకో తప్పు జవాబు కూడా ఇక్కడే తీసేద్దాం. "వెలుతురు పడిన వైపు ఆక్సిన్ నాశనమవుతుంది" అని కొన్ని గైడ్లలో ఉంటుంది. 1957లో విన్‌స్లో బ్రిగ్స్ మొక్కజొన్న మొలకలతోనే కొలిచి చూశాడు. పక్క నుంచి వెలుతురు వేసినా మొత్తం ఆక్సిన్ తగ్గలేదు, నీడ వైపుకి జరిగింది. కొన మధ్యలో పల్చటి గాజు రేకు నిలువునా పూర్తిగా అడ్డం పెడితే ఆ జరగడం ఆగిపోయింది. కాబట్టి "నీడ వైపుకి చేరుతుంది" అని రాయండి.

ఇప్పుడు గురుత్వం. మొలక ఉన్న కుండీని చీకటి గదిలో అడ్డంగా పడుకోబెట్టారు. చీకటి ఎందుకు? వెలుతురు ప్రభావం కలవకుండా. ఆక్సిన్ అడుగు వైపు చేరుతుంది. కాండంలో అడుగు వైపు ఎక్కువ పెరిగి పైకి లేస్తుంది. వేరులో కూడా అడుగు వైపే చేరుతుంది, కానీ వేరు కిందికి వంగుతుంది. ఎందుకంటే కాండాన్ని పెంచే మోతాదు వేరుకి ఎక్కువైపోయి, అక్కడ పెరుగుదల తగ్గుతుంది. పై వైపు ముందుకు పోతుంది, కొన కిందికి దిగుతుంది. పదార్థం అదే, చేరిన చోటు అదే, స్పందన వేరు.

వేరు కొసన ఉండే తొడుగును జాగ్రత్తగా తీసేస్తే వేరు పెరుగుతుంది గానీ దిక్కు తెలియదు. ఆ తొడుగు కణాల్లో బరువైన పిండి రేణువులు ఉంటాయి, అడుగున పేరుకుని ఏది కిందో చెప్పేవి అవే. అడ్డంగా పెట్టిన కుండీని క్లినోస్టాట్ మీద మెల్లగా తిప్పుతూ ఉంటే ఏ పక్కా ఎక్కువసేపు అడుగు కాదు, కాబట్టి ఏదీ వంగదు.

ఇంతవరకూ "కాండం పైకి, వేరు కిందికి" అన్న లెక్క సరిపోయింది. ఇప్పుడు మా ఇసుక నేలల్లోకి రండి. కోట నుంచి సముద్రం వైపు పోతే శెనక్కాయ చేలు కనిపిస్తాయి. మా అవ్వ చేలో కూర్చుని మొక్కను పక్కకి వంచి చూపించేది: "ఇదిగో చూడు నాయనా, ఊడ దిగింది. ఊడ మట్టిలోకి దిగితేనే కాయ." శెనగ పువ్వు నేల పైనే పూస్తుంది. ఫలదీకరణం అయ్యాక అండాశయం అడుగు నుంచి ఒక కాడ పెరిగి, కొసన గింజ కాబోయేదాన్ని మోసుకుంటూ నేలలోకి గుచ్చుకుంటుంది. అదే ఊడ. చూడ్డానికి వేరులా ఉంటుంది, వేరు కాదు. పువ్వు నుంచి వచ్చింది, దాని కట్టడం కాండం లాంటిది. మరి కిందికెలా వెళ్తోంది?

చాలామంది వేరుకి చెప్పిన కారణమే దీనికీ రాస్తారు. 1999లో మాక్టెజుమా, ఫెల్డ్‌మన్ చూపించింది వేరే. ఊడను అడ్డంగా ఉంచితే ఆక్సిన్ అడుగుకి కాదు, పై వైపుకి చేరింది. ఊడ కాండం లాంటిదే, ఆక్సిన్ చేరిన వైపు ఎక్కువ పెరుగుతుంది. పై వైపు ఎక్కువ పెరిగితే కొన కిందికి తిరుగుతుంది. వేరు, ఊడ రెండూ కిందికే పోతాయి, దారులు మాత్రం వేరు.

దీనికి చేలో ఒక హద్దుంది. మొక్క మీద బాగా పైన పూసిన పువ్వు ఊడ నేలను అందుకోలేదు, మధ్యలోనే ఎండిపోతుంది. కాయ కట్టడానికి మట్టిలోపలి చీకటి కావాలి. ఊడలు దిగే టైంలో మా అవ్వ చేలోకి ఎవర్నీ అడుగు పెట్టనిచ్చేది కాదు, కలుపు కూడా అంతకుముందే తీయించేది. అప్పుడే దిగిన ఊడ కదిలిందంటే ఆ కాయ పోయినట్టే.

సరే, మీకో ప్రశ్న. ఊడలు అప్పుడే బయటికొచ్చి, ఇంకా మట్టిని తాకని శెనక్కాయ కుండీని చీకట్లో అడ్డంగా పడుకోబెట్టారు. కాండం కొన, వేరు కొన, ఊడ కొన, మూడూ ఎటు తిరుగుతాయి? ప్రతిదాంట్లో ఆక్సిన్ ఏ పక్క చేరుతుంది, ఆ పక్క పెరుగుదల పెరుగుతుందా తగ్గుతుందా? బొమ్మ గీసి, ఎక్కువ పెరిగే పక్కన చుక్కలు పెట్టండి. వచ్చే ఎపిసోడ్ మొదట్లో ఆ బొమ్మనే గీసి చూపిస్తా.