3.7 వోల్టుల నుంచి 5 వోల్టులు

సైదాబాద్‌లో బస్సు కోసం నిలబడి ఫోనుకు పవర్ బ్యాంకు తగిలించారనుకోండి. లోపలి లిథియం సెల్ ఇచ్చేది దాదాపు 3.7 వోల్టులే. బయటికి వచ్చేది 5. మిగతా 1.3 ఎక్కడివి?

బూస్ట్ కన్వర్టర్‌లోని కాయిల్‌వి. స్విచ్ ఆన్ అయినప్పుడు ఆ 3.7 వోల్టులూ కాయిల్ మీదే పడి, అందులో కరెంటు క్రమంగా పెరుగుతుంది. స్విచ్ ఆఫ్ కాగానే ఆ కరెంటు ఠక్కున ఆగిపోవడం కుదరదు. దాన్ని నడిపించడానికి కాయిల్ వోల్టేజీ దిశ మార్చుకుని సెల్‌కు తోడవుతుంది. రెండూ కలిసి డయోడ్ గుండా కెపాసిటర్‌ను నింపుతాయి. కరెంటు మళ్లీ మెల్లగా దిగుతుంది.

నిలకడ స్థితిలో ప్రతి చక్రంలోనూ ఎక్కినంత కరెంటే దిగాలి. కాయిల్ కరెంటు సున్నాకు పడకుండా నడుస్తోందనుకుందాం. చక్రంలో 100 భాగాలుంటే 26 భాగాలు ఆన్, 74 ఆఫ్. 3.7ను 26తో గుణించండి, 1.3ను 74తో గుణించండి. రెండూ 96.2. అందుకే అవుట్‌పుట్ 5 దగ్గరే నిలుస్తుంది.

శక్తి మాత్రం పెరగదు. ఫోను 1 ఆంపియరు తీసుకుంటే, నష్టాలు లేవనుకున్నా సెల్ 1.35 ఇవ్వాలి. సెల్ 3 వోల్టులకు దిగితే ఆన్ భాగం 40కి, కరెంటు 1.67కి చేరతాయి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఛార్జి అడుగంటేకొద్దీ ఆ సర్క్యూట్ ఎక్కువగా వేడెక్కుతుంది.