ఇల్లు చేరని ఇల్లాలు: చాంగే కథ, నడిశరత్తు పండుగ



మా మాస్టారి పేరు మీద ఈ ధర్మనిధి జరిపే ఉపన్యాసానికి నన్ను పిలవడం నాకు గౌరవం. ఆయన పాండిత్యం గురించి ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నేను ఒక్క సంగతి చెప్పి ముందుకు వెళతాను. ఏ వ్యాసం తీసుకువెళ్లినా ఆయన ఎర్రసిరా కలంతో ముందుగా తారీఖుల కింద గీత గీసేవారు. ఒక మాట ఎవరన్నారన్నది తర్వాత చూద్దాం, ఎప్పుడన్నారో ముందు తేల్చమనేవారు. ఈ సాయంత్రం నేను చేయబోయే వాదమంతా ఆ ఎర్రగీత మీదే నిలబడుతుంది.

చాంగే కథ మీలో చాలామందికి తెలుసు. ఆకాశంలో ఒకేసారి పొడిచిన పది సూర్యుల్లో తొమ్మిదింటిని యీ అనే విలుకాడు కూల్చాడు. పడమటి రాణిమాత దగ్గర అమరత్వపు మందు సంపాదించాడు. అతని భార్య చాంగే ఆ మందు మింగి చంద్రుడి దగ్గరకు ఎగిరిపోయింది. చైనా ఎనిమిదో నెల పున్నమినాడు, అంటే చాలా ఏళ్లలో మన భాద్రపద పూర్ణిమనాడు, నడిశరత్తు పండుగ జరుగుతుంది. ఆ రాత్రి చంద్రబింబంలో ఆమెను తలుచుకుంటారు. చంద్రుడి మీదకు పంపిన నౌకలకు చైనావాళ్లు ఆమె పేరే పెట్టుకున్నారు. కుందేలు సంగతి మనకు శశజాతకం నుంచే తెలుసు కనుక దాని దగ్గర ఆగను.

నా తగువు ఈ కథకు ఇప్పుడు తగిలించే ముగింపుతో. భార్య వెళ్లిపోయాక యీ పెరట్లో బల్ల వేసి, ఆమెకు ఇష్టమైన పళ్లు పెట్టి మొక్కాడట. ఊరివాళ్లూ అలాగే చేశారట. పండుగ అలా పుట్టిందట. పిల్లల పుస్తకాల్లో ఇది ఉంటే నాకు పట్టింపు లేదు. కానీ పరిశోధన గ్రంథాలు కూడా పండుగకు మూలం చాంగే అని రాస్తున్నాయి. ఈ మాటను నేను చాలాకాలంగా కాదంటున్నాను, ఈ వేదిక మీద కూడా కాదంటాను. కథ నుంచి పండుగ పుట్టలేదు. పండుగే కథను తన దగ్గరకు లాక్కుని, తనకు తగినట్టు మార్చుకుంది.

మొదట కథ వయసు చూద్దాం. 1993లో హూబే రాష్ట్రంలోని వాంగ్‌జ్యాతాయ్ దగ్గర, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు సమాధి ఒకదానిలో వెదురు పలకలు దొరికాయి. వాటిలో గుయ్‌జాంగ్ అనే శకునశాస్త్రపు భాగాలున్నాయి. మందు దొంగిలించి చంద్రుడి దగ్గరకు వెళ్లిన స్త్రీ ప్రస్తావన మనకు కనిపించే తొలిచోటు అదే. ఎవరికైనా శకునం చెప్పేటప్పుడు ఉదాహరణగా తీసే పాతకథ అది. అందులో పళ్లు లేవు, బల్ల లేదు, పున్నమి లేదు.

తర్వాతది ల్యూ ఆన్ ఆస్థానంలో తయారై, క్రీస్తుపూర్వం 139లో చక్రవర్తికి సమర్పించిన హ్వాయ్‌నాన్‌జీ. అందులో ఈ కథ మొత్తం ఒక్క వాక్యం. భార్య మందు దొంగిలించి పోయింది, యీ దిగాలుపడి కూర్చున్నాడు, మళ్లీ సంపాదించే దారి అతనికి లేదు. ఎందుకు లేదో ఆ గ్రంథమే చెబుతుంది. మందు ఎలా తయారవుతుందో అతనికి తెలియదు. నిప్పు అడిగి తెచ్చుకోవడం కంటే పుట్టించడం నేర్చుకోవడం మేలని, నీళ్లు అరువు తెచ్చుకోవడం కంటే బావి తవ్వుకోవడం మేలని అక్కడి బోధ. అంటే అది విరహకథ కాదు. విద్య మూలం తెలియని వాడి కథ.

క్రీస్తుశకం రెండో శతాబ్దంలో ఖగోళవేత్త జాంగ్ హెంగ్ తన లింగ్‌షియెన్‌లో మరికొంత చెప్పాడు. ఆమె బయలుదేరే ముందు శకునం అడిగింది. ఒంటరిగా పడమరకు వెళ్లు, చీకటికి భయపడకు, మేలు జరుగుతుందని జవాబు వచ్చింది. వెళ్లింది, చంద్రుడిలో కప్పగా మారింది. హాన్ కాలపు చిత్రాల్లో చంద్రుడిలో కప్ప ఉండేది ఇందుకేనని కొందరంటారు. పండుగనాడు కప్పను అందగత్తెగా తలుచుకునే వారెవరూ లేరు కనుక, నడుమ ఏదో జరిగిందన్నమాట.

ఇక అవతలి పక్షం వాదాలు. మొదటిది ప్రాచీన రాజక్రతువు. శరద్విషువత్తు సాయంత్రం రాజు చంద్రుడికి బలి ఇచ్చేవాడని పాత గ్రంథాల్లో ఉంది కాబట్టి పండుగ అంత పాతదేనని అంటారు. విషువత్తు సూర్యుడి లెక్క, పండుగ చంద్రుడి లెక్క. విషువత్తునాడు చంద్రుడు నెలవంకగా ఉండవచ్చు, సాయంత్రం అసలు కనిపించకపోనూవచ్చు. ఈ రెండూ ఒకటి కావనడానికి బీజింగ్ నగరమే సాక్ష్యం. 1530లో మింగ్ చక్రవర్తి జ్యాజింగ్ అక్కడ చంద్రవేదికను కట్టించాడు. అక్కడ విషువత్తునాడు రాజపూజ జరిగేది, నగరంలో జనం పున్నమినాడు ఇళ్లలో మొక్కేవారు. రెండూ పక్కపక్కనే వేర్వేరుగా నడిచాయి. పైగా రాజపూజలో చాంగే పేరు లేదు.

రెండోది మావాంగ్‌దుయ్ పట్టుపతాకం. 1972లో తవ్విన ఒకటో సమాధిలో దొరికిన ఈ పతాకం పైభాగంలో నెలవంక, అందులో కప్ప, కుందేలు ఉన్నాయి. కింద ఎగురుతున్న ఒక స్త్రీ ఉంది. ఆమె చాంగేనే అని కొందరు, సమాధిలోని దాయ్ ప్రభువు భార్య ఆత్మ అని మరికొందరు అన్నారు. చాంగేనే అనుకుందాం. అప్పటికీ అది శవపేటిక మీద కప్పిన గుడ్డ. చావు తర్వాతి ప్రయాణానికి ఆమె తోడు కావచ్చు. పంటకాలపు పండుగకు అది ఆధారం కాదు.

మూడోది కాస్త బలమైన వాదం, అందుకే దీనికి ఎక్కువ సమయం ఇస్తాను. సోంగ్ కాలపు రచన జ్వేవెంగ్ తాన్‌లు ప్రకారం, ఆ రాత్రి పిల్లలు పెద్దల దుస్తులు వేసుకుని మిద్దెలెక్కి చంద్రుడికి మొక్కేవారు. మగపిల్లలు పరీక్ష నెగ్గాలని, ఆడపిల్లలు చాంగే లాంటి ముఖం కావాలని కోరుకునేవారు. చూశారా, పేరు ఉంది కదా అంటారు. ఉంది. కానీ మొక్కు ఎవరికి? చంద్రుడికి. చాంగే అక్కడ అందానికి కొలమానం, దేవత కాదు. ఈ తేడాను మనవాళ్లు దాటేస్తున్నారు. అదే కాలంలో కైఫెంగ్ నగరపు పండుగ రాత్రిని వర్ణించిన దోంగ్‌జింగ్ మెంగ్‌హ్వా లు చూడండి. అందులో కొత్త సారా, పీతలు, దానిమ్మలు, తెల్లవార్లూ సంగీతం, వెన్నెల చూడటానికి చోటు కోసం జనం పోటీ ఉన్నాయి. అది వెన్నెల వేడుక.

మరి పూజ అందుకున్నది ఎవరు? 1635 నాటి దీజింగ్ జింగ్‌వూ ల్యుఎ సూటిగా చెబుతుంది. బీజింగ్‌లో బజారులో వెన్నెల కాగితం అమ్మేవారు. చిన్నది బెత్తెడుంటుంది, పెద్దది నిలువెత్తును మించుతుంది. పైన పద్మం మీద కూర్చున్న బోధిసత్త్వుడు, కింద చంద్రబింబం, మందిరం, మనిషిలా నిలబడి రోలులో మందు నూరే కుందేలు. ఆ బోధిసత్త్వుడు మనకు పరాయివాడు కాడు. భైషజ్యగురు బుద్ధుడి పక్కన నిలిచే చంద్రప్రభుడు. చంద్రుడు ఉదయించే దిక్కుకు కాగితం పెట్టి, గుండ్రని పళ్లు, గుండ్రని రొట్టెలు పేర్చి, పుచ్చకాయను తామరరేకుల్లా గాట్లు పెట్టి కోసేవారు. కొన్ని రొట్టెలు రెండడుగుల వెడల్పు ఉండేవి. పూజయ్యాక కాగితం కాల్చి, రొట్టెలూ పళ్లూ ఇంటిల్లిపాదికీ పంచేవారు. ఇంత వివరంగా రాసినవారు ఆ కాగితం మీద చాంగేను చూపలేదు. సుమారు 1900 నాటి యెన్‌జింగ్ స్వీషిజీ కూడా ఇలాంటి కాగితాన్నే వర్ణించి, ఈ పూజ మగవాళ్లు చేయరని జోడించింది.

ఆ 1635 పుస్తకంలోనే ఇంకో మాట ఉంది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు ఆ రోజుకు తప్పనిసరిగా అత్తవారింటికి తిరిగి వెళ్లాలి. అందుకే దీన్ని పునఃకలయిక పండుగ అన్నారు. నా వాదానికి కీలకం ఈ వాక్యం. ప్రతి ఇల్లాలూ మొగుడి ఇల్లు చేరాల్సిన రాత్రి, ఎన్నటికీ చేరలేని ఒక ఇల్లాలి కథ అప్పటికే చంద్రుడిలో సిద్ధంగా ఉంది. తొమ్మిదో శతాబ్దంలోనే లీ షాంగ్‌యిన్ తన కవితలో ఆమెకు పశ్చాత్తాపాన్ని ఆపాదించాడు. పండుగకు కొరతగా ఉన్న దుఃఖాన్ని ఆమె ఇచ్చింది. ఆమెను శరత్తులో ఎందుకు తలుచుకుంటారన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. కలయికను జరుపుకునే జనానికి కలవలేని ఒకరు ఎదురుగా ఉండాలి.

ఈ ముడి బిగిసింది రంగస్థలం మీద. 1915లో మేయ్ లాన్‌ఫాంగ్ బీజింగ్‌లో చాంగే నాటకం ఆడాడు. నడిశరత్తుకు తగిన కొత్త నాటకం కావాలని మిత్రులు కూర్చుని రాసినది అది. పాత చిత్రాల్లోని స్త్రీల జుట్టుముడి, దుస్తులు చూసి కొత్త వేషం కట్టారు. చంద్రమందిరంలో ఆమె కిందికి చూస్తుంది. భూమ్మీద ఆలుమగలు పండుగ చేసుకుంటుంటారు. అప్పుడు ఆమె దుస్తుల పొడుగు చేతులు విసురుతూ నృత్యం చేస్తుంది. పండుగ, ఒంటరితనం, చాంగే, మూడూ అక్కడ ఒకే దృశ్యంలోకి వచ్చాయి. 1926లో లూ షున్ తన కథలో ఇందుకు పూర్తిగా ఎదురు తిరిగాడు. అతని యీకి వేటలో కాకులు తప్ప ఏమీ దొరకవు, రోజూ కాకిమాంసం తినలేక భార్య వెళ్లిపోతుంది.

చివరి మార్పు దొంగతనాన్ని తీసేయడం. ఇప్పటి బడి పుస్తకాల్లో పెంగ్ మెంగ్ అనే శిష్యుడు మందు లాక్కోబోతే, వాడి చేతికి చిక్కకుండా ఆమె మింగేస్తుంది. యీ దగ్గర విలువిద్య నేర్చి అతన్నే చంపిన శిష్యుడిగా ఈ పెంగ్ మెంగ్ మెన్షియస్ గ్రంథంలో ఉన్నాడు. కానీ మందుతో గానీ చంద్రుడితో గానీ అక్కడ అతనికి సంబంధం లేదు. నేను పేర్కొన్న పాత గ్రంథాలు వేటిలోనూ ఈ కల్పన లేదు. పునఃకలయిక పండుగకు దొంగభార్య నప్పదు. అందుకని ఆమెను పతివ్రతను చేశారు. పండుగ కథను మార్చిందనడానికి ఇంతకంటే స్పష్టమైన జాడ నాకు అక్కర్లేదు.

ఈ కారణంగానే నేను ఇప్పుడు చేస్తున్న పని గురించి చెప్పాలి. సోంగ్ కాలపు కైఫెంగ్ నుంచి చింగ్ కాలపు బీజింగ్ దాకా, ఈ పండుగ గురించి రాసిన భాగాలను చైనీస్ నుంచి నేరుగా తెలుగులోకి తెస్తున్నాను. ప్రతి భాగం పక్కన మూడు ప్రశ్నలకు జవాబు ఉంటుంది: పూజ ఎవరికి, చేసేది ఎవరు, నైవేద్యం ఏమిటి. చాంగే పేరు వచ్చిన ప్రతిచోటా ఆమె దేవతగా వచ్చిందా, ఉపమానంగా వచ్చిందా, పాత్రగా వచ్చిందా అని గుర్తు పెడుతున్నాను. పని సగమైంది. ఇప్పటివరకు చూసినంతలో ఉపమానంగా వచ్చినవే ఎక్కువ.

ఈ ధర్మనిధి వచ్చే ఏడాది నుంచి యువ పరిశోధకులకు సాయం చేయబోతోందని విన్నాను. చైనీస్ చదవగలిగిన వారు ఎవరైనా ఉంటే, దక్షిణ చైనా స్థానిక చరిత్రలను వారికి అప్పగించమని కోరుతున్నాను. నా ఆధారాలు ఎక్కువగా రాజధానులవి. గ్రామాల్లో చాంగేకే నేరుగా పూజ జరిగినట్టు 1635కు ముందరి పత్రం ఒక్కటి దొరికినా నా వాదాన్ని సవరించుకోవలసిందే. దొరికేదాకా మాత్రం, ఆమెవల్ల పండుగ వచ్చిందని రాసే ప్రతి వాక్యం కింద మాస్టారు గీసిన గీతనే నేనూ గీస్తాను.