సిగ్గుపడడం, సిగ్గుపరచడం: 314వ కురళ్‌ను బడిపిల్లలకు చెప్పేటప్పుడు
(స్మారకోపన్యాసం)

మా మాస్టారు చెన్నైలో తెలుగు పిల్లలకు తమిళం నేర్పారు. ఆయన పాఠం వినే నేను ఈ వృత్తిలోకి వచ్చాను. ఆయన పేరిట ఈ ఏటి ప్రసంగం చేయమని అడిగినప్పుడు, ఒక్క కురళ్‌కు పిల్లల కోసం వచనం రాయడం ఎలాగో చెప్తానన్నాను. ఆయన ఇష్టపడేదీ అదే.

తిరుక్కురళ్‌లో 133 అధికారాలు, ఒక్కోదానికి 10 చొప్పున 1330 కురళ్లు ఉన్నాయి. నేను తీసుకున్నది 314వది. ‘ఇన్నా సెయ్యామై’, అంటే ఇతరులకు బాధ కలిగించకపోవడం అనే 32వ అధికారంలో నాలుగోది. మనకు కీడు చేసినవారిని దండించడమంటే, వారు సిగ్గుపడేటట్టు వారికి మేలు చేసి విడిచిపెట్టడమేనని దాని భావం.

చిక్కు మొదటి మాటలోనే ఉంది. కురళ్‌లో మొదటి పాదానికి నాలుగు, రెండో పాదానికి మూడు, మొత్తం ఏడు సీర్లు. సీరు అంటే మన గణం లాంటిది. అది మాట మధ్యలోనైనా విరుగుతుంది. ‘చేసినవారిని’ అనే అర్థమున్న ఒకే మాట ఇక్కడ రెండు ముక్కలై అచ్చవుతుంది. పిల్లలు రెండో ముక్కను వేరే మాట అనుకుని అర్థం వెతుకుతారు. అందుకే మాస్టారు వచనానికి ముందు, విరిగిన మాటలను నల్లబల్ల మీద కలిపి రాయించేవారు. కలిపాక తెలుగు పిల్లలకు సగం దారి సుగమమవుతుంది. ‘చెయ్’ మన చేయుటే, ‘విడల్’ మన విడుచుటే. ‘నన్నయం’ అనగానే ఆదికవి గుర్తొస్తాడు కానీ, అది నల్, నయం కలిసిన మాట. తమిళంలో ‘నల్ల’ అంటే మంచిది. నయం మనం ‘నయాన చెప్పు’ అన్నప్పటి నయానికి దగ్గరిదే.

రెండో చిక్కు ‘నాణ’, అంటే సిగ్గుపడేటట్టు, అనే మాట. దీనికి నేను మొదటిసారి రాసిన వచనం ఇది: ‘నీకు చెడు చేసినవాడికి మేలు చేసి వాడిని సిగ్గుపరచు.’ మాస్టారు చివరి మాట కింద గీత గీశారు. సిగ్గుపరచడం మనం చేసే పని, సిగ్గుపడడం అవతలివాడి మనసులో జరిగే పని. ప్రాచీన వ్యాఖ్యాత పరిమేలళగర్ కూడా ‘వారు తామే సిగ్గుపడేటట్టు’ అన్న అర్థమే ఇచ్చాడు. పైగా ఈ గ్రంథంలో నాణం ఒక గుణం; దానికి 102వ అధికారం మొత్తం కేటాయించారు. నా వచనం మేలును ఎత్తిపొడుపుగా మార్చేసింది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఏడో తరగతిలో ఒకడు పరీక్ష ముందురోజు పక్కవాడి లెక్కల నోటుపుస్తకం దాచేశాడు. తరువాతి నెలలో దాచినవాడికే జ్వరం వచ్చి వారం బడి మానేశాడు. పుస్తకం పోగొట్టుకున్నవాడు ఆ వారం పాఠాలు రాసి అతనికి ఇచ్చాడు. ఇక్కడితో ఆగితే కురళ్ పూర్తయినట్టే. కానీ ఇస్తూ, ‘నువ్వు నా పుస్తకం దాచినా నేను నీకు రాసి ఇస్తున్నాను, గుర్తుపెట్టుకో’ అన్నాడనుకోండి. పాఠాలు అందాయి గానీ కురళ్ తప్పిపోయింది.

ఎందుకు తప్పిందో చివరి మాట ‘విడల్’ చెబుతుంది. దీన్ని చాలామంది ‘మేలు చేసెయ్’ అనడంలో కలిపేసి వదిలేస్తారు. పరిమేలళగర్ మాత్రం రెంటినీ మరవడం అన్నాడు: వారు చేసిన కీడునూ, మనం చేసిన మేలునూ. మరవకపోతే అవి మళ్లీ చిగురిస్తాయని కారణమూ చెప్పాడు. ఆధునికులలో ము. వరదరాజన్ తన సులభ వచనంలో ఈ మరపును వదలలేదు.

ఇక హద్దు. పరిమేలళగర్ ఈ మాటను సన్యాసులకు వర్తింపజేశాడు. ఈ 32వ అధికారం ఉన్నది కూడా సన్యాస ధర్మ భాగంలోనే. రాజు విషయానికి వస్తే 314వ కురళ్‌లోని ‘ఒఱుత్తల్’, దండించడం అనే మాటే, 550వ కురళ్‌లో హంతకులను శిక్షించడం పైరులో కలుపు తీయడం లాంటిదని చెప్పడానికి వచ్చింది. కాబట్టి రోజూ కొట్టే పిల్లవాడికి మేలు చేస్తూ ఊరుకోమని ఈ కురళ్ పేరుతో ఎవరికీ చెప్పకూడదు. కొడుతున్న సంగతి పెద్దలకు చెప్పాలి. శిక్షించే బాధ్యత పెద్దలది.

మాస్టారు చూసి ఒప్పుకున్న నా చివరి వచనం ఇది: ‘నిన్ను బాధపెట్టినవాడికి నువ్వు వేయగల శిక్ష ఒకటుంది. వాడికి అవసరమైనప్పుడు సాయం చెయ్యి. తన తప్పు తనకే తెలిసి వాడు సిగ్గుపడతాడు. ఆపైన వాడు చేసినదీ, నువ్వు చేసినదీ రెండూ మరిచిపో.’

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. ఈ కురళ్ చెప్పేటప్పుడు పిల్లలు ‘మేలు చెయ్యి’ దగ్గర ఆపేస్తే పాఠం ముగించకండి. ‘విడల్’ అంటే ఏమిటని అడగండి.