కోటీ ఒక లక్షా, తొంభై మూడు లక్షలా?

ముదినేపల్లిలో చేపల మేత డీలర్‌షిప్పు, ఐస్ ఫ్యాక్టరీ కలిపి నడిపే మా ఖాతాదారు ఒకరు మార్చి అమ్మకాల మీద రెండు రిపోర్టులు పంపారు. ఆయనకు చెప్పే జవాబే ఈ వారం ప్రసంగం. అంకెలు మాత్రం లెక్క తేలిగ్గా ఉండేలా మార్చాను.

డీలరు గారూ, మీ బిల్లింగ్ కంప్యూటర్ మార్చి అమ్మకం కోటీ ఒక లక్ష అంటోంది. లాభనష్టాల పట్టీ 93 లక్షలే అంటోంది. రైతులు పట్టుబడి అయ్యాక ఇచ్చే అరువు బాకీ వల్లే 8 లక్షల తేడా వచ్చిందని మీ అనుమానం. కాదండీ. మేత రైతు చేతికి వెళ్లిన రోజే అది అమ్మకం. డబ్బు పట్టుబడి దాకా రాకపోతే అది రావలసిన బాకీల్లో ఉంటుంది గానీ, అమ్మకం మొత్తంలో రూపాయి తగ్గదు.

అసలు తేడా ఇదీ. మేత మీద జీఎస్టీ లేదు, ఐస్ మీద 5 శాతం ఉంది. మీరు అమ్మిన 20 లక్షల ఐస్ మీద లక్ష పన్ను పడింది. బిల్లింగ్ రిపోర్టు దాన్నీ కలిపేసింది. ఆ లక్ష ప్రభుత్వానిది, మీ ఆదాయం కాదు. ఇక తడిసి తిరిగొచ్చిన మేత బస్తాలకు మీరిచ్చిన క్రెడిట్ నోట్లు 3 లక్షలు. అవి కంప్యూటర్లో వేరే రిజిస్టర్‌లో ఉండిపోయాయి.

మిగిలిన 4 లక్షల దగ్గర కాస్త ఆగాలి. మార్చి 31న బిల్లు కొట్టారు, సరుకు ఏప్రిల్ 2న గానీ గోదాము దాటలేదు. పద్దుల్లో అమ్మకం అనిపించుకోవాలంటే సరుకు మీద హక్కూ, నష్టభయమూ కొన్నవాడికి చేరాలి. ఆ రాత్రి గోదాములో నీళ్లొస్తే నష్టం మీదే కదా! అందుకే దాన్ని ఏప్రిల్‌లోకి నెట్టాం. జీఎస్టీ రిటర్నులో మాత్రం బిల్లు తేదీ ప్రకారం అది మార్చిలోనే ఉంటుంది. కాబట్టి రిటర్నులో 97 లక్షలు కనిపిస్తాయి. అదీ తప్పు కాదు.

ఇక్కడే ఒక చిక్కుంది. గోదాము దాటని ఆ మేత బస్తాలు మార్చి 31 నిల్వలో కొన్న ధరకు కనపడాలి. అమ్మకంలోంచి తీసేసి, నిల్వలో కలపడం మరిచిపోతే లాభం ఉన్నదానికన్నా తక్కువ తేలుతుంది. మీ నిల్వ పట్టీలో అవి లేవు. కలిపి సరిచేశాం.

ఇకమీదట మొదటి రిపోర్టు పేరు ‘బిల్లుల మొత్తం’, రెండోదాని పేరు ‘నికర అమ్మకం’. రెండింటి మధ్య పన్ను, వాపసు, తేదీ తేడా అని మూడు వరుసలు పెట్టాం. వాటిని తీసేశాక ఇంకా రూపాయి మిగిలితే ఎక్కడో బిల్లు తప్పిపోయిందన్నమాట. బ్యాంకు వాళ్లు అడిగితే ఈ పట్టీతో సహా నికర అమ్మకం ఇవ్వండి. ఏప్రిల్ లెక్కలో ఆ 4 లక్షలు కలిశాయో లేదో చూడాలి, మొదటి వారం లోడింగ్ చీటీలు పంపించండి.