అడ్వాన్స్‌లో పట్టుకున్న 25 వేలకు లెక్క అడుగుతూ ఒక ఉత్తరం

ఇల్లు ఖాళీ చేశాక ఓనర్ అడ్వాన్స్‌లోంచి డబ్బులు పట్టుకుంటే ఏం రాసి అడగాలి అన్నదే ఈ ఎపిసోడ్. నేను నిజంగా రాసిన ఉత్తరమే చదివి వినిపిస్తా. అందులో ఏ లైన్ ఎందుకు పెట్టానో, దానికి ఓనర్ ఏం జవాబిచ్చారో, చివరికి ఎంత తిరిగొచ్చిందో కూడా చెప్తా.

ముందు కథ. హైదరాబాద్‌లో ఒక టూ బీహెచ్‌కే. అద్దె 18,000, రెండు నెలల అడ్వాన్స్ 36,000. పదకొండు నెలల అగ్రిమెంట్ రెండు సార్లు రాసుకుని, మొత్తం 22 నెలలు ఉన్నా. మే 31న ఖాళీ చేసి తాళాలు ఇచ్చేశా. జూన్ 10న నా అకౌంట్‌లో 11,000 పడ్డాయి. వాట్సాప్‌లో ఒకే ఒక్క మెసేజ్: "పెయింటింగ్, క్లీనింగ్, రిపేర్లు అన్నీ కలిపి 25 వేలు అయ్యాయి బాబు."

ఫోన్ చేశా. ఇక్కడే మనం అందరం పడిపోతాం. రెండేళ్లు ఆయన్ని అంకుల్ అని పిలిచా, పండక్కి వాళ్లింటి నుంచి పులిహోర వచ్చేది. "అంకుల్, అంత ఎలా అయింది?" అంటే, "ఈ రోజుల్లో కూలీ రేట్లు ఎలా ఉన్నాయో నీకు తెలీదు బాబు" అన్నారు. దాని మీద నేనేం మాట్లాడగలను? కూలీ రేట్లు నిజంగానే నాకు తెలీదు. ఐదు నిమిషాల్లో ఫోన్ పెట్టేశా. అమ్మ అయితే "పోనీలేరా, పెద్దాయనతో గొడవెందుకు" అంది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. 25 వేలు అనే ముద్దతో వాదించలేం. అది ఎక్కువ అని నేనంటాను, తక్కువే అని ఆయనంటారు, అక్కడితో అయిపోతుంది. ఆ ముద్దని విడగొట్టించాలి. విడగొడితే ఒక్కో ఖర్చుకీ ఒక్కో ప్రశ్న అడగొచ్చు. అందుకే ఉత్తరం. ఇదిగో, పేర్లు తీసేసి చదువుతున్నా.

"తేదీ: జూన్ 14.

విషయం: ఫ్లాట్ అడ్వాన్స్ నుంచి మినహాయించిన సొమ్ముకు వివరాలు కోరుతూ.

అయ్యా,

నేను మీ ఫ్లాట్‌లో 22 నెలలు అద్దెకు ఉండి, మే 31న ఖాళీ చేసి తాళాలు మీకు అప్పగించాను. మే నెల వరకు అద్దె, మెయింటెనెన్స్ పూర్తిగా చెల్లించాను. అగ్రిమెంట్ సమయంలో నేను ఇచ్చిన అడ్వాన్స్ 36,000 రూపాయలు. జూన్ 10న మీరు 11,000 పంపారు. మిగిలిన 25,000 మినహాయించారు.

ఇందులో నేను చెల్లించాల్సినవి మూడు ఉన్నాయని నాకు తెలుసు. ఒకటి, మే నెల కరెంటు బిల్లు 1,300. రెండు, నా వల్ల విరిగిన వంటింటి కుళాయి, దాని బిల్లు ఎంతైతే అంత. మూడు, టీవీ స్టాండ్ కోసం డ్రిల్ చేయడం వల్ల, టేపు వల్ల పెయింట్ ఊడిన ఒక బెడ్‌రూమ్ గోడ.

వీటితో సహా మీరు మినహాయించిన ప్రతి ఖర్చుకూ విడివిడిగా ఈ వివరాలు ఇవ్వగలరు: ఏ పని, ఇంట్లో ఎక్కడ, ఎందుకు చేయించాల్సి వచ్చింది, ఎంత అయింది, బిల్లు కాపీ.

ఈ వివరాలు, వాటి ప్రకారం నాకు రావాల్సిన మిగతా సొమ్ము జూన్ 29 లోపు పంపగలరని కోరుతున్నాను. నా బ్యాంకు వివరాలు కింద ఇచ్చాను.

జతపరచినవి: అగ్రిమెంట్ కాపీ, అడ్వాన్స్ పంపినప్పటి బ్యాంకు స్టేట్‌మెంట్, ఖాళీ చేసిన రోజు తీసిన ఫోటోలు, మీటర్ రీడింగ్ ఫోటో."

అంతే, ఒక్క పేజీ. కోపం లేదు, కోర్టు మాట లేదు. స్పీడ్ పోస్ట్‌లో పంపించి రసీదు దాచుకున్నా. ఆ రసీదు మీదున్న నంబర్‌తో ఉత్తరం ఎప్పుడు చేరిందో ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకున్నా. అదే ఉత్తరం పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో కూడా పెట్టా, "అంకుల్, పోస్ట్‌లో కూడా పంపాను, ఒకసారి చూడండి" అని. మర్యాద ఫోన్‌లో, లెక్క కాగితం మీద.

ఇందులో అన్నిటికంటే పనిచేసింది ఆ మూడు లైన్లు, నేను కట్టాల్సినవి నేనే రాసుకున్నవి. మా ఫ్రెండ్ చదివి "నువ్వే ఒప్పేసుకుంటే ఎలా రా?" అన్నాడు. కానీ చూడండి, ఆ కుళాయి విరిగిందని ఆయనకు ఎలాగూ తెలుసు. నేను దాచితే, ఆయన దాన్నే పట్టుకుని "ఇంత పాడు చేసి పైగా లెక్క అడుగుతున్నాడు" అనేవారు. నేనే రాసేసరికి ఆ మాటకి చోటు లేదు. ఇక మాట్లాడాల్సింది మిగతా ఖర్చుల గురించే.

తొమ్మిదో రోజు జవాబొచ్చింది. నోట్‌బుక్ కాగితం మీద రాసి ఫోటో పంపారు. పెయింటింగ్ 14,000. క్లీనింగ్ 4,000. గీజర్ రిపేరు 2,800. కుళాయి 900. కరెంటు 1,300. ఇతరములు 2,000. కూడితే సరిగ్గా 25,000. బిల్లులు మాత్రం మూడింటికే ఉన్నాయి: పెయింటింగ్, గీజర్, కుళాయి. ఇప్పుడు ఒక్కోటి చూద్దాం.

కుళాయి, కరెంటు కలిపి 2,200. అవి నావే, మాటే లేదు.

గీజర్ 2,800. బిల్లు చదివితే "కాయిల్ మార్పిడి" అని ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు. ఉప్పు నీళ్లకి కాయిల్ మీద తెల్లగా పొర కట్టి, కొన్నేళ్లకి కాలిపోతుంది. ఎవరు వాడినా పోయేదే. బిల్లు అడగకపోతే ఇది నాకు "రిపేర్లు" అనే మాటగానే మిగిలేది.

ఇక్కడ చట్టం ఒక మాట చెప్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108. అద్దెకున్నవాళ్లు ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా తిరిగి ఇవ్వాలి, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదల, తరుగుదల అందులోకి రాదు. గోడ రంగు వెలవడం తరుగుదల. గోడకి నేను డ్రిల్ వేయడం తరుగుదల కాదు. ఈ తేడా గుర్తుంటే చాలు, ప్రతి ఖర్చునీ మీరే తూకం వేసుకోవచ్చు.

దాంతోనే పెయింటింగ్ చూడండి. 14,000 బిల్లు మొత్తం ఇంటికి. నా వల్ల పాడైంది ఒక బెడ్‌రూమ్ గోడ. నేను ఆ గోడకి 2,500 అన్నా. ఆయన "ఒక్క గోడకే వేస్తే రంగు కలవదు, గది మొత్తం వేయాలి" అన్నారు. ఆలోచిస్తే అది నిజమే. ఒక గది మొత్తానికి 5,000 దగ్గర ఆగాం.

క్లీనింగ్ 4,000కి బిల్లు లేదు. నేను ఖాళీ చేసిన రోజు గదులన్నీ ఊడ్చి, తలుపు దగ్గర మొదలుపెట్టి ప్రతి గదీ, బాత్రూమ్, బాల్కనీ చూపిస్తూ ఒకే వీడియో తీశా. అందులో ఇల్లు శుభ్రంగానే ఉంది. కానీ అదే వీడియోలో వంటింటి చిమ్నీ మీద జిడ్డు కూడా కనిపిస్తోంది! మన రుజువు మనకి మాత్రమే పనిచేయదు కదా. చిమ్నీ కోసం 1,500 ఒప్పుకున్నా.

ఇక "ఇతరములు" 2,000. "ఇతరములు అంటే ఏంటి అంకుల్?" అని అడిగా. కాసేపు ఆగి, "సరేలే, అది తీసెయ్" అన్నారు. అసలు పేరే లేని ఖర్చుకి బిల్లు ఎక్కడ్నుంచి వస్తుంది?

మొత్తం నేను ఒప్పుకున్నది 1,300, 900, 5,000, 1,500. అంటే 8,700. పట్టుకున్న 25,000లో 16,300 తిరిగొచ్చింది. ఆయనేదో మోసగాడని నేను అనను. పాత అద్దెవాళ్ల డబ్బుతో కొత్తవాళ్ల కోసం ఇల్లు సిద్ధం చేసుకోవడం ఆయనకి అలవాటు, అంతే. ఇన్నేళ్లలో లెక్క అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు ఇది ఎక్కడ పనిచేయదో చెప్పాలి. సెక్షన్ 108లోనే ఒక షరతు ఉంది: ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతేనే ఆ నియమాలు వర్తిస్తాయి. చాలా అగ్రిమెంట్లలో "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె మినహాయించబడును" అని ఉంటుంది. నాదాంట్లో లేదు కాబట్టి సరిపోయింది. మీదాంట్లో ఉంటే, సంతకం పెట్టేశారు కాబట్టి ఆ నెల అద్దె మీద గట్టిగా వాదించలేరు. అప్పుడు కూడా ఉత్తరం రాయండి, ఎందుకంటే ఆ ఒక నెల పట్టుకున్నాక మళ్లీ "గోడల టచప్" అని ఇంకో ఖర్చు వేశారేమో విడివిడి లెక్కలోనే దొరుకుతుంది. కొత్త ఇంటికి వెళ్తున్నవాళ్లయితే, ఆ లైన్ సంతకానికి ముందే చూసుకోండి. బేరం ఆడాల్సింది అప్పుడే.

ఇంకోటి, "రెండు నెలల కంటే ఎక్కువ అడ్వాన్స్ తీసుకోకూడదని కేంద్రం చట్టం చేసింది" అని ఫార్వర్డ్‌లు తిరుగుతుంటాయి. అది 2021 నాటి మోడల్ టెనెన్సీ యాక్ట్. మోడల్ అంటే నమూనా. రాష్ట్రం దాన్ని బట్టి తన చట్టం చేసుకుంటేనే అక్కడ అమలు. ఉత్తరంలో దాన్ని తీసుకొచ్చి పెట్టి, ఓనర్ గారి అబ్బాయి లాయరైతే మన మిగతా లెక్క కూడా తేలిపోతుంది.

మరి ఉత్తరానికి జవాబే రాకపోతే? గడువు దాటాక లాయర్ ద్వారా నోటీసు ఒక దారి. ఇంకో దారి, మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టడం. కేసు వేయకముందే ఇలాంటి తగాదాల్ని లోక్ అదాలత్ ముందు రాజీకి పెట్టొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. కానీ రాజీ కాబట్టి ఓనర్ కూడా వచ్చి ఒప్పుకోవాలి. ఏ దారిలో వెళ్లినా ముందు అడిగేది ఒకటే: "మీరు రాతపూర్వకంగా అడిగారా?" అప్పుడు చూపించాల్సింది ఈ ఒక్క పేజీ, ఆ పోస్ట్ రసీదే.

కాబట్టి ఇవాళ ఇల్లు మారుతున్నవాళ్లు ఉంటే, తాళాలు ఇచ్చే ముందు ఆ వీడియో తీయండి, మీటర్ రీడింగ్ ఫోటో తీయండి. ఆ రెండింటికీ పది నిమిషాలు పడుతుంది.

అన్నట్టు, మొన్న ఉగాదికి అంకుల్‌కి ఫోన్ చేశా. బాగానే మాట్లాడారు. కొత్తగా దిగినవాళ్లతో గోడకి డ్రిల్ వేయొద్దని ముందే అగ్రిమెంట్‌లో రాయించుకున్నారట. సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.